గంటలు లెక్కపెట్టి కట్టిన ధర

శ్రీకాళహస్తిలో కలంకారీ పనిచేసే ఇళ్లలో ధర పుట్టే తీరు చాలాకాలంగా ఒకటే. పక్కింటివాళ్లు దుపట్టా ఎంతకు ఇచ్చారో కనుక్కుంటారు. షాపువాళ్లు పోయినసారి ఎంత చేతిలో పెట్టారో గుర్తుచేసుకుంటారు. ఎగ్జిబిషన్‌లో అయితే ఎదురుగా నిల్చున్న మనిషి కట్టుకున్న చీర చూసి, పట్టుకున్న ఫోను చూసి, మనసులో ఓ అంకె అనుకుంటారు. ఆ అంకెలో గుడ్డ ఖరీదు వచ్చిందా, వచ్చింది. రంగుల ఖర్చు వచ్చిందా, వచ్చింది. మిగిలినదంతా మన కష్టానికి అనుకుని సర్దుకుంటారు. ఆ మిగిలింది ఎన్ని గంటల కష్టానికి అనే ప్రశ్న మాత్రం లేవదు.

మా ఇంట్లో కలం పట్టేది నేనే, లెక్కల పుస్తకం రాసేదీ నేనే. నాతో కలిపి నలుగురం పనిచేస్తాం. ధరను కొనేవాళ్ల ముఖంలో వెతకకుండా, చేసిన పనిలోంచి ఎలా తీస్తామో ఒక దుపట్టాను పట్టుకుని చెబుతాను. ఇందులోని రేట్లు మా ఇంటివి. ఇంకొకరి ఇంట్లో అంకెలు మారతాయి, లెక్క వేసే దారి మారదు.

దుపట్టా నూలుది, రెండున్నర మీటర్లు. రెండు అంచుల పొడవునా తీగ, రెండు కొంగుల్లో హంసల జతలు, మధ్యలో చెదురుగా పువ్వులు. నలుపు, ఎరుపు, పసుపు, నీలం, ఆకులకు పచ్చ. మా దగ్గర ఎక్కువగా పోయే రకం ఇదే.

ముడిసరుకు: కొన్నది వేరు, పట్టేది వేరు

రెండున్నర మీటర్ల దుపట్టాకు రెండున్నర మీటర్ల గుడ్డ సరిపోదు. కోరా గుడ్డ గంజి వదిలేలా నానబెట్టి ఉతికితే కాస్త కుంచించుకుపోతుంది. చివర్లు సరిచేసి కత్తిరించాలి, మడిచి కుట్టాలి. అందుకని 2.7 మీటర్లు లెక్కపెడతాం. మీటరు 150 రూపాయల చొప్పున 405 రూపాయలు. 

మిగతా సరుకులన్నీ ఒక్క దుపట్టాకు విడిగా కొలవలేనివి. కరక్కాయ పొడి కలిపిన పాలలో పది గుడ్డలు ఒకేసారి ముంచుతాం. ఉడకబెట్టే రాగి గంగాళంలోకీ పదీ కలిసే పోతాయి. కాబట్టి ఖర్చు కూడా పదింటికి రాసి పదితో భాగిస్తాం. పాలు, కరక్కాయ కలిసి ఒక్కో దానికి 55. ఎరుపు కోసం ఉడికించే మంజిష్ఠ, సురుడు చెక్కకు 60. నీలిమందుకు 50. కట్టెలకు 50. ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసే కసిమికి 10, పటికకు 10, చింతబొగ్గుకూ కలం ముక్కలకూ 10. గుడ్డతో కలిపి మొత్తం 650 రూపాయలు.

ఇక్కడ తరచుగా జారిపోయేది పాల ఖర్చు. పాలు ఇంటికి రోజూ వచ్చేవే కాబట్టి పనికి వాడినవి ఎవరూ విడిగా రాసుకోరు. కానీ పాలలోని కొవ్వే కసిమిని గీత దాటి పాకనివ్వకుండా ఆపేది. పాలు పల్చనైతే గీత అంచులు వెంట్రుకల్లా చీలి బయటికి పాకుతాయి. రంగులు వేసేముందు మళ్లీ ఒకసారి పాలలో ముంచాలి. అంత పని చేసే సరుకు వంటింటి ఖాతాలో పోతే దుపట్టా ధర ఆ మేరకు తక్కువ పడుతుంది.

రోజులు కాదు, చెయ్యి ఆడిన గంటలు

కలంకారీ గురించి చెప్పేటప్పుడు మేమంతా అనే మాట, ఒక దుపట్టాకు ఇరవై రోజులు పడుతుందని. నిజమే, కానీ అది క్యాలెండరు లెక్క. పటిక పెట్టాక గుడ్డ ఒక రోజు కదలకుండా ఉండాలి. ఉతికాక ఆరాలి. పేడ నీళ్లలో ముంచి ఇసుక మీద ఎండేసిన గుడ్డకు ఎండ రోజులు కావాలి, మధ్యమధ్య నీళ్లు చల్లే మనిషి కావాలి. ఈ రోజుల్లో మన చెయ్యి వేరే గుడ్డ మీద ఉంటుంది. ఇరవై రోజులకు ఇరవై కూలీలు వేసి చూసినవాళ్లకు అంకె చాలా పెద్దగా కనబడుతుంది. ఇంత ఎవరిస్తారని భయపడి లెక్కనే పక్కన పెట్టేస్తారు. ఎదురుచూసిన కాలానికి కూలి లేదు. చెయ్యి ఆడిన గంటలకే కూలి.

ఆ గంటలు ఎలా పట్టుకోవాలి? కాగితం చీటీ కడితే మొదటి ఉతుకులోనే పోతుంది. అందుకని ప్రతి గుడ్డ మూలన, కుట్టులో మడతపడి కనబడకుండా పోయేచోట, కసిమితోనే నంబరు వేస్తాం. కరక్కాయ పట్టిన గుడ్డ మీద కసిమి నల్లగా కూర్చుంటుంది. ఉడికినా ఉతికినా పోదు. గోడకు వేలాడే పుస్తకంలో ఆ నంబరుకు ఒక పేజీ. గుడ్డ పరిచినప్పుడు టైము, మడిచినప్పుడు టైము, చేసినవాళ్ల పేరు. మధ్యలో అన్నానికి లేస్తే అక్కడ ఆపి మళ్లీ మొదలు. ఒకే డిజైను నాలుగైదు గుడ్డలకు ఇలా రాసి సగటు తీస్తాం. అన్నిటికన్నా త్వరగా అయినదాని గంటలు పట్టుకోకూడదు. ఆ రోజు వెలుతురు బాగుండి ఉంటుంది, చెయ్యి సాగి ఉంటుంది. రోజూ అలా సాగదు.

మా హంసల దుపట్టాకు సగటున 22 గంటలు వచ్చింది. అందులో మూడు రకాల పని ఉంది. బొగ్గుతో బొమ్మ వేయడానికి రెండున్నర గంటలు, దాని మీద కసిమితో గీయడానికి ఎనిమిది గంటలు. కలిపి 10.5 గంటలు కలం పని. ఎరుపు రావాల్సినచోట పటిక పెట్టడం, పసుపు వేయడం, నీలం వేయడం కలిపి 8.5 గంటలు నింపుడు పని. ముంచడం, ఉతకడం, ఉడికించడం, ఎండేయడం, చివరి ఉతుకు పది గుడ్డలకు కలిపి జరుగుతాయి కాబట్టి ఒక్కోదాని వాటాకు 3 గంటలు.

మూడు పనులకు ఒకే కూలి వేయకూడదు. కలం పనికి గంటకు 90, నింపుడుకు 60, గంగాళం దగ్గరా ఏటి దగ్గరా పనికి 65 లెక్కన వేస్తాం. వేడి నీళ్లలో బరువు గుడ్డలు తిప్పే పని కాబట్టి నింపుడు కంటే ఎక్కువ ఇస్తాం. 945, 510, 195. మొత్తం 1,650 రూపాయలు.

కలం పట్టింది నేనే అయినా ఆ 945 రాస్తాను. నా బదులు అంతే చెయ్యి తిరిగిన ఇంకొకరిని పిలిస్తే ఎంత ఇవ్వాలో అదే నా కూలి. ఇంటివాళ్ల చేతికి కూలి రాయని ఇంట్లో ఒక తిరకాసు ఉంటుంది. ఆర్డరు పెద్దదై బయటి మనిషిని పెట్టుకున్న రోజే నష్టం మొదలవుతుంది. ఎక్కువ అమ్మిన కొద్దీ ఎక్కువ పోతుంది. ఇంట్లోనే చేసుకుంటే లాభం, మనిషిని పెడితే నష్టం అని ఎవరైనా అంటే, వాళ్ల ధరలో ఇంటివాళ్ల కూలి లేదని అర్థం.

నేర్చుకునే పిల్లలు మా పక్కన కూర్చుని ఎనిమిది గంటల గీతకు పద్నాలుగు గంటలు తీసుకుంటారు. ఆ ఆరు గంటలు కొనేవాళ్ల మీద వేయడం న్యాయం కాదు. చెయ్యి తిరిగినవాళ్ల గంటలే ధరలోకి వస్తాయి. నేర్పించడానికి అయ్యే తేడా ఇంటి పైఖర్చుల్లోకి పోతుంది.

పైఖర్చులు: దేనితో భాగించాలి?

ఏ గుడ్డ మీదా రాయలేని ఖర్చులు కొన్ని ఉంటాయి. పనిచేసే వసారా సొంతమే అయినా, అద్దెకిస్తే వచ్చే 4,000 రాస్తాం. కరెంటు, నీళ్ల ట్యాంకరు 1,800. గంగాళం, తొట్లు, బల్లల అరుగుదల 500. ఆటోలు, ఫోను 1,500. గుడ్డ చేతికొచ్చేదాకా ఇరుక్కున్న డబ్బుకు అప్పు మీద వడ్డీ 1,200. పైన కూలి లేదన్న ఎదురుచూపు ఇక్కడ వడ్డీ రూపంలో వస్తుంది. నేర్పించడానికి అయ్యే తేడా, సరుకు కొనడానికీ లెక్కలు రాయడానికీ నేను పెట్టే గంటలు కలిపి 3,000. అంతా కలిసి నెలకు 12,000.

దీన్ని గంటల మీద పంచాలి. కాగితం మీద నలుగురం, ఇరవై అయిదు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు అంటే 800 గంటలు. గంటకు 15 రూపాయలు పడుతుంది. కానీ ఆ 800 గంటలు గుడ్డ మీద పడవు. మా వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. మబ్బు పట్టిన రోజు గుడ్డ ఆరదు, తేమ గుడ్డ మీద కలం పెట్టలేం. స్వర్ణముఖిలో కొన్నాళ్లు బురద నీళ్లు, వేసవిలో నీళ్లే ఉండవు. పండగలు, పెళ్లిళ్లు సరేసరి. పని లేని రోజు కూలి ఇవ్వక్కర్లేదు, కానీ వసారా అద్దె ఆగదు, వడ్డీ ఆగదు. అందుకే ఏడాది మొత్తంలో గుడ్డల పేజీల్లో రాసిన గంటలు కూడి పన్నెండుతో భాగించాం. నెలకు 600 దాకా వచ్చింది. 12,000 ను 600 తో భాగిస్తే గంటకు 20.

మన దుపట్టాకు 22 గంటలు కాబట్టి 440 రూపాయలు. 800 తో భాగించి ఉంటే 330 మాత్రమే వచ్చేది. దుపట్టాకు 110 రూపాయలు ఎవరికీ తెలియకుండా జారిపోయేవి. సరుకు రేట్లన్నీ సరిగ్గా రాసుకుని, కూలి కూడా వేసుకుని, అయినా వానాకాలం చివర అప్పు ఎందుకు పెరిగిందో తెలియని ఇళ్లలో నేను ముందు చూసేది ఈ భాగహారమే.

చెడిపోయిన గుడ్డను మోసేది మంచి గుడ్డలే

650, 1,650, 440. కూడితే 2,740. ఇది చెడిపోని గుడ్డ ఖర్చు.

పటిక నీళ్లు పెట్టేటప్పుడు అవి తడిగా ఉన్నంతసేపే కనబడతాయి. చెయ్యి కదిలి ఒక చుక్క పక్కన పడితే, ఆరాక గుడ్డ మీద దాని జాడ ఉండదు. ఉడకబెట్టి తీసినప్పుడు ఆ చుక్క ఎర్రగా లేస్తుంది. అప్పటికి గుడ్డ మీద 15.5 గంటల పని పడి ఉంటుంది. మా రేట్లలో 1,255 రూపాయల కూలి. గుడ్డ పాడైందంటే 405 రూపాయల గుడ్డ పోయిందని అనుకుంటారు గానీ, పోయినదాంట్లో గుడ్డ చిన్న భాగం. చుక్క పూల దగ్గర పడితే ఇంకో మొగ్గ గీసి కలిపేస్తాం. ఖాళీలో పడితే దారి లేదు.

ఇరవైలో ఒకటి ఇలా పోతుందని మా పుస్తకం చెబుతుంది. కాబట్టి ఇరవై గుడ్డల ఖర్చును పంతొమ్మిది మోయాలి. 2,740 ని 0.95 తో భాగిస్తే 2,884. కొందరు చెడిపోయినవాటికని ముడిసరుకు మీద మాత్రమే అయిదు శాతం వేస్తారు. అది 32 రూపాయలు. నిజానికి కావలసింది 144. చెడుపు పని చివర్లో బయటపడే వృత్తిలో మొత్తం ఖర్చు మీదే వేయాలి.

దీని మీద పది శాతం ఉంచుకుంటాం. కొత్త డిజైను వేసి చూడటానికి, ఆర్డర్లు లేని నెలకు, గంగాళం మార్చడానికి. 3,172 వస్తుంది, 3,200 అని రాస్తాం. షాపుకు టోకుగా ఇచ్చే ధర ఇదే.

ఎగ్జిబిషన్‌లో అదే దుపట్టా 4,000. కొందరు కొనుగోలుదారులు, "షాపుకు 3,200కే ఇస్తారంట కదమ్మా, మాకెందుకు ఎక్కువ?" అని అడుగుతారు. జవాబు లెక్కలోనే ఉంది. పది రోజుల స్టాలుకు అద్దె, ప్రయాణం, గది, భోజనం 25,000 అవుతుంది. ఆ పది రోజులు నేను కలం పట్టను కాబట్టి నా కూలి 7,200. అక్కడ నలభై దుపట్టాలకు సమానమైన అమ్మకం జరిగితే ఒక్కోదాని మీద దాదాపు 800. షాపువాళ్ల దగ్గర ఆ ఖర్చు వాళ్లు పెట్టుకుంటారు. మన దగ్గర మనం పెట్టుకుంటాం. అమ్మడం కూడా పనే. ఈ ఖర్చును నెలవారీ పైఖర్చుల్లో కలిపేస్తే టోకు ధర అనవసరంగా పెరుగుతుంది, కాబట్టి విడిగానే ఉంచాలి.

ఆ ధరకు అడగకపోతే

లెక్కగట్టిన ధరకే సరుకు పోతుందని ఎవరూ మాటివ్వరు. నగరంలోని ఒక షాపు ఆవిడ ఈ దుపట్టా చూసి నచ్చిందన్నారు. "అక్కా, మా కస్టమర్లు అంత పెట్టరు. నాకు 2,500కు పడాలి. ఒకటీ రెండూ కాదు, యాభై తీసుకుంటా" అన్నారు.

అంచనాతో ధర కట్టే ఇంట్లో దీనికి రెండే జవాబులు. సరే, లేదా కుదరదు. సరే అంటే ఆ 700 ఎక్కణ్ణుంచి పోతుంది? గుడ్డవాడు తగ్గించడు, పాలవాడు తగ్గించడు. నింపుడు పనికొచ్చే ఆడవాళ్ల కూలి తగ్గుతుంది, లేకపోతే పటిక తగ్గుతుంది, పాలు పల్చనవుతాయి. లెక్క ఉన్నవాళ్లకు మూడో దారి ఉంది. గంటల పేజీ తీసి ఎక్కడెక్కడ ఎంత పోతోందో చూడటం.

ఎక్కువ గంటలు తింటున్నది కసిమి గీత. అందులోనూ అంచు తీగ. ఆకు ఆకుకూ ఈనెలు, రెండు వరసల గీత, మధ్య చుక్కలు. అంచును ఒక వరసకు తెచ్చి ఈనెలు తీసేశాం. కొంగుకు హంసల జతకు బదులు ఒక్క హంస. గీత ఎనిమిది గంటల నుంచి అయిదున్నరకు, బొగ్గు పని రెండుకు, పటిక పని రెండున్నరకు వచ్చాయి. నీలం పూర్తిగా తీసేశాం. నీలం లేకపోతే పచ్చ కూడా లేదు, ఎందుకంటే పసుపు మీద నీలం పడితేనే ఆకుపచ్చ. ఆకులన్నీ పసుపే. దాంతో రెండున్నర గంటలు, 50 రూపాయల నీలిమందు తగ్గాయి.

మొత్తం ఆరు గంటలు తగ్గాయి. కలం పనిలో 270, నింపుడులో 180, పైఖర్చుల్లో 120, నీలిమందు 50 కలిసి 620 రూపాయలు. 2,740 లోంచి తీస్తే 2,120. చెడుపు, పది శాతం కలిపితే 2,455. ఆవిడకు ఆ కొత్త నమూనా, పాతది పక్కపక్కన పరిచి చూపించి, "ఇది 2,500కు ఇవ్వగలను అమ్మా, అది 3,200" అన్నాను. యాభైకి ఆర్డరు కొత్తదానికి ఇచ్చారు. పాతది కూడా కొన్ని తీసుకున్నారు. గంటకు ఇచ్చే కూలి రెండింటిలోనూ ఒకటే. పాలు అవే, పటిక అదే.

బేరంలో నేను పట్టుకునే నియమం ఇదే. ధర తగ్గాలంటే గుడ్డ మీద ఏదో తగ్గాలి, అది కొనేవాళ్ల కంటికి కనబడాలి. ఏమీ తగ్గకుండా ధర మాత్రమే తగ్గితే, ఆ తగ్గింపును ఎవరో ఒకరు కూలిలో కట్టినట్టే.

ఈ లెక్కతో తేలనివి కూడా ఉన్నాయి. స్క్రీన్ మీద అచ్చువేసి కలంకారీ పేరుతో అమ్మే దుపట్టా పక్క స్టాల్లో కొన్ని వందలకే దొరుకుతుంది. దాని పక్కన మన ధర నిలబెట్టడానికి ఏ లెక్కా సాయపడదు. కనబడే తేడా చూపించాలి. వెనకవైపు తిప్పి చూపిస్తాను, కసిమీ పటికా గుడ్డలోకి దిగి ఉంటాయి, గీత మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. పెడనలో చెక్క అచ్చులతో చేసే మచిలీపట్నం కలంకారీ అసలైనదే, కానీ దాని ఖర్చు నడక వేరు. అచ్చు చెక్కిన కష్టం వందల మీటర్ల మీద పంచుకుంటుంది. మా గీత ప్రతి గుడ్డకూ కొత్తగా పుట్టాలి. ఆ ధరలు చూసి మేం, మా ధరలు చూసి వాళ్లు లెక్క కట్టుకోవడం కుదరదు. అలాగే పేరున్న చిత్రకారులు గీసిన రామాయణం తెరకు గంటల లెక్క వర్తించదు. అక్కడ కొనేది ఆ చేతి పేరు. లెక్క చెప్పేది ఇంతకన్నా కిందికి పోకూడదని మాత్రమే. పైకి ఎంత పోవచ్చో చెప్పదు.

ఏడాదికోసారి, సంక్రాంతి దాటాక, అన్ని పేజీలూ తిరగేసి రేట్లు మళ్లీ రాస్తాం. పాలు, గుడ్డ, కట్టెలు ఎంత పెరిగాయో అప్పుడే సరిచేస్తాం. నింపుడు పనివాళ్లను కూర్చోబెట్టుకుని కూలి కూడా అప్పుడే మాట్లాడుకుంటాం. గంటకు అయిదు రూపాయలు పెంచితే హంసల దుపట్టాలో వాళ్ల 8.5 గంటలకు 42 రూపాయలు, చెడుపూ పది శాతమూ కలిసి ధరలో 50 రూపాయలు పెరుగుతుందని పుస్తకం చూపిస్తుంది. 3,200 దుపట్టా 3,250 అవుతుంది. అంత తేడాకు వెనక్కి పోయే షాపు నాకింతవరకు ఎదురుకాలేదు. అందుకే కూలి పెంచమని వాళ్లు అడిగినప్పుడు, గిట్టదేమోనని నసగాల్సిన పని నాకు లేదు. ఎంతవరకు గిట్టుతుందో వాళ్ల ముందే లెక్క వేసి చెప్పగలను.